బహుమానమా? ఆసక్తియా? – ఐరాల బోధనాభ్యాసంలో మేము నేర్చిన పాఠం

విద్యా మనోవిజ్ఞాన శాస్త్రంలో మాకొక అసైన్‌మెంటు ఇచ్చారు. “అంతర్గత ప్రేరణ, బాహ్య ప్రేరణ సిద్ధాంతాలను పోల్చి, తరగతి గదిలో వాటి అనువర్తనాన్ని వివరింపుడు” అన్నది ప్రశ్న. ఇట్టి ప్రశ్నకు సమాధానం వ్రాయడం మాకు కొత్త కాదు. కాగితానికి నడుమ ఒక గీత గీసి, ఎడమవైపున అంతర్గత ప్రేరణ లక్షణాలను, కుడివైపున బాహ్య ప్రేరణ లక్షణాలను వరుసగా వ్రాస్తే సరిపోతుంది. పని మీది ఇష్టంతోనే పని చేయడం అంతర్గత ప్రేరణ. బహుమతి కోసమో, మార్కుల కోసమో, దండన భయంతోనో పని చేయడం బాహ్య ప్రేరణ. మొదటిది మంచిది, రెండవది అంత మంచిది కాదు, అయినా ఉపాధ్యాయుడు రెండింటినీ తగు పాళ్ళలో వాడుకోవాలి. ఈ విధంగా పది పుటలు వ్రాసి ఇచ్చాము. మా అధ్యాపకులు దానిని చదివి, “తగు పాళ్ళు అన్నారు గదా, ఆ పాలు ఎంతో ఎట్లా తెలుస్తుంది?” అని మాత్రం అడిగి తిరిగి ఇచ్చారు. మా వద్ద జవాబు లేదు.

ఆ వారమే మేము బోధనాభ్యాసానికి ఐరాల మండలంలోని ఒక ఉన్నత పాఠశాలకు వెళ్ళాము. మేము ఇద్దరం. ఒకరిది తెలుగు బోధన, మరొకరిది గణితం. గణితం చెప్పేవారు పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివినవారు. మా ఇద్దరికీ కలిపి ఆరవ తరగతిని అప్పగించారు. ముప్పది నలుగురు పిల్లలు. కొందరి ఇండ్లకు చెరకు తోటలున్నవి, కొందరి తల్లిదండ్రులు మామిడి తోటలలో కూలికి పోతారు, ఇద్దరు ముగ్గురు కాణిపాకంలో దుకాణాలు పెట్టుకొన్నవారి బిడ్డలు. ఆ తరగతిలో మేము చేసిన ఒక పొరపాటును, దానివల్ల తెలిసివచ్చిన విషయాన్ని ఇక్కడ నివేదించుకొంటున్నాము. తిరిగి వ్రాసిన మా అసైన్‌మెంటు సారాంశం కూడా ఇదే.

ఆ పాఠశాలలో ఒక మంచి అలవాటు ఉన్నది. శనివారం చివరి పీరియడులో ఆరవ తరగతికి పాఠం ఉండదు. ఒక రేకు పెట్టెలో కథల పుస్తకాలు తెచ్చి ముందు ఉంచుతారు. ఇష్టమున్నవారు పుస్తకం తీసుకోవచ్చు. లేనివారు బొమ్మలు గీసుకోవచ్చు, నేలమీద గీతలు గీసి పులిజూదం ఆడుకోవచ్చు. ఎవరినీ ఎవరూ బలవంతపెట్టరు. పరిశీలన నోటుబుక్కులో ఏదో ఒకటి నింపాలి కాబట్టి, మేము మొదటి మూడు శనివారాలు పుస్తకం పట్టుకొన్నవారిని లెక్కబెట్టి వ్రాసుకొన్నాము. పందొమ్మిది మంది, ఇరవై ఒక్కరు, ఇరవై మంది. ఆ లెక్క తరువాత మాకు ఎంత అక్కరకు వస్తుందో అప్పుడు తెలియదు.

సగం తరగతి చదవడం లేదే అన్న ఆరాటంతో నాలుగవ శనివారం నాడు ఒక పథకం ప్రకటించాము. పుస్తకం చదివి అయిదు వాక్యాలు వ్రాసి చూపినవారికి గోడ మీది పట్టికలో ఒక నక్షత్రం అంటిస్తాము. అయిదు నక్షత్రాలు వచ్చినవారికి ఒక కలం. శనివారమే కాక మధ్యాహ్నం విరామంలో చదివినా లెక్కలోకి వస్తుంది. అదే వారం గణితంలో కూడా ఇట్టి పథకమే మొదలుపెట్టాము. పదమూడు నుండి పదహారు వరకు ఎక్కాలు తడబడకుండా అప్పజెప్పినవారికి ఒక్కొక్క ఎక్కానికి ఒక్కొక్క నక్షత్రం.

మొదట్లో ఫలితం చూసి మేము పొంగిపోయాము. పుస్తకాలు తీసినవారు ఇరవై ఏడుకు, ఆపైన ముప్పది ఒకటికి, తరువాత ముప్పది రెండుకు పెరిగారు. పర్యవేక్షణకు వచ్చినవారు గోడ మీది పట్టికను మెచ్చుకొన్నారు. అయితే మూడవ వారానికే కొన్ని సంగతులు మా కంటబడ్డాయి. పెట్టెలోని లావు పుస్తకాలు కదలడం లేదు. పదారు పుటల బొమ్మల పుస్తకాలకోసం తోపులాట జరుగుతున్నది. వ్రాసి చూపిన అయిదు వాక్యాలు ఒకరివి ఒకరికి అచ్చు గుద్దినట్లున్నవి. కథలో మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు, నడుమ “ఈ కథ చాలా బాగుంది” అన్న మాట. అన్నిటికంటె మమ్ము బాధించినది మరొకటి. మూడవ బెంచీలో కూర్చొనే ఒక అమ్మాయి మేము వచ్చిననాటి నుండి పంచతంత్ర కథల పెద్ద పుస్తకాన్ని వారం వారం కొంచెం కొంచెం చదువుతూ ఉండేది. చదివినంత వరకు గుర్తుగా ఒక వేపరెబ్బ పెట్టుకొనేది. ఆ పుస్తకం పెట్టె అడుగున పడి ఉన్నది. వేపరెబ్బ ఎండిపోయి అందులోనే ఉన్నది. అడిగితే, “అది అయిపోయేకి నెల పడుతుంది సార్, ఒగటే నక్షత్రం వస్తుంది” అన్నది.

కలాలు అయిపోయినవి. పథకం ముగిసిందని చెప్పాము. తరువాతి శనివారం ఒక పిల్లవాడు పుస్తకం చేతికి తీసుకొని, “ఇంక నక్షత్రాలు ఇయ్యరా సార్?” అని అడిగి, లేదనగానే పుస్తకాన్ని తిరిగి పెట్టెలో వేసి పులిజూదానికి పోయాడు. ఆనాడు పుస్తకం పట్టినవారు పద్నాలుగురు. మరుసటి వారం తొమ్మిదిమంది. ఆ తరువాత పదిమంది. మేము వచ్చినప్పుడు ఉన్న ఇరవై కూడా మిగలలేదు. ఒక్క మాటలో చెప్పాలంటే, చదవనివారిని చదివించబోయి, చదివేవారిని మానిపించాము.

ఇక ఎక్కాల సంగతి వేరుగా నడిచింది. మొదట నాలుగు ఎక్కాలూ వచ్చినవారు ఎనిమిదిమంది. నక్షత్రాల పథకం ముగిసేసరికి ఇరవై ముగ్గురు. నక్షత్రాలు మానివేసిన నెల తరువాత ముందుగా చెప్పకుండా అడిగి చూశాము. ఇరవై ఒక్కరు తడబడకుండా చెప్పారు. ఒకే తరగతి, ఒకే పిల్లలు, ఒకే రకం నక్షత్రం. ఒక చోట నష్టం, మరొక చోట లాభం. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలుసుకొనడానికి మేము మళ్ళీ గ్రంథాలయానికి వెళ్ళవలసివచ్చింది. ఈసారి పట్టిక నింపడానికి కాదు.

అక్కడ మాకు దొరికిన మొదటి సమాధానం 1973లో ప్రచురితమైన ఒక ప్రయోగం. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనోవిజ్ఞానులు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలలో దానిని నిర్వహించారు. మూడు నుండి అయిదేండ్ల పిల్లలు. ఆటల వేళలో రంగు కలాలతో బొమ్మలు గీయడం ఎవరికి ఇష్టమో ముందుగా పరిశీలించి, ఇష్టమున్నవారినే ప్రయోగానికి ఎన్నుకొన్నారు. వారిని మూడు సమూహాలుగా చేశారు. మొదటి సమూహానికి బంగారు ముద్ర, రిబ్బను ఉన్న ఒక యోగ్యతా పత్రం చూపి, బొమ్మ గీస్తే ఇది ఇస్తామని చెప్పారు. రెండవ సమూహానికి ముందుగా ఏమీ చెప్పలేదు. గీసిన తరువాత అదే పత్రాన్ని అనుకోకుండా ఇచ్చారు. మూడవ సమూహానికి చెప్పనూలేదు, ఇవ్వనూలేదు. ఒకటి రెండు వారాల పిదప రంగు కలాలను మళ్ళీ తరగతిలో ఉంచి, ఎవరు ఎంతసేపు వాటితో గడుపుతున్నారో పిల్లలకు తెలియకుండా చూశారు. ఏమీ పొందని పిల్లలు తమ ఆటవేళలో నూటికి సుమారు పదిహేడు పాళ్ళు బొమ్మలతో గడిపారు. అనుకోకుండా పత్రం పొందినవారు పద్దెనిమిది పాళ్ళు. ముందుగా ఆశ చూపి పత్రం ఇచ్చినవారు మాత్రం తొమ్మిది పాళ్ళకంటె తక్కువ. అంటే సగానికి పడిపోయింది. పైగా బహుమతి కోసం గీసిన బొమ్మలు నాణ్యతలో కూడా తక్కువని, ఏ బొమ్మ ఏ సమూహానిదో తెలియని పరీక్షకులు తేల్చారు.

ఈ ప్రయోగంలో గమనింపదగినది రెండవ సమూహం. వారికి కూడా అదే బహుమతి అందింది, అయినా వారి ఇష్టం తగ్గలేదు. కాబట్టి చెరుపు చేసింది బహుమతి అనే వస్తువు కాదు. “ఇది చేస్తే అది ఇస్తాను” అన్న బేరం. ఇష్టంతో చేస్తున్న పనికి బేరం తగిలిస్తే, పిల్లవాడు తన పనికి తానే కారణం వెదుక్కొని, “నేను గీసింది పత్రం కోసం” అని నిర్ధారణకు వస్తాడు. పత్రం పోయిననాడు కారణం కూడా పోతుంది. మా మూడవ బెంచీ అమ్మాయి చెప్పిన మాట సరిగ్గా అదే. నెలరోజుల కథ ఆమె లెక్కలో ఒక నక్షత్రం ఖరీదు అయిపోయింది. ఆ లెక్క నేర్పినవారము మేమే.

అయితే ఎక్కాల మాటేమిటి? లెప్పర్ బృందం తమ ప్రయోగానికి ఎన్నుకొన్నది బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లలను మాత్రమే అన్న విషయం ఇక్కడ జ్ఞాపకముంచుకోవాలి. ఈ విషయమై చాలాకాలం వాదోపవాదాలు జరిగినవి. బహుమతుల వల్ల సాధారణంగా హాని లేదని 1994లో కామెరాన్, పియర్స్ అనేవారు వాదించారు. 1999లో ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ కోస్ట్నర్, రిచర్డ్ రయన్ కలిసి నూట ఇరవై ఎనిమిది ప్రయోగాలను ఒక చోట చేర్చి పరిశీలించి, ముందుగా ఆశ చూపిన వస్తురూప బహుమతి ఆసక్తికరమైన పనుల మీది ఇష్టాన్ని తగ్గిస్తుందని, విసుగు పుట్టించే పనుల విషయంలో అట్టి నష్టం కనబడలేదని తేల్చారు. లేని ఇష్టాన్ని బహుమతి చెరపలేదు గదా! పదమూడవ ఎక్కం మీద మా పిల్లలకెవ్వరికీ ముందు నుంచి మమకారం లేదు. అందుచేత నక్షత్రానికి అక్కడ చెరపడానికి ఏమీ దొరకలేదు.

ఇంతవరకు వచ్చాక మాకొక అనుమానం కలిగింది. ఎక్కాలలో మేము కొలిచింది నేర్పును. పుస్తకాలలో కొలిచింది ఇష్టాన్ని. ఒకటి పరీక్షలో తెలుస్తుంది. రెండవది తీరిక వేళలో తప్ప తెలియదు. రెండూ ఒకే త్రాసులో తూగవు. పుస్తకాలలో కూడా మేము “ఎన్ని పుస్తకాలు చదివారు” అని మాత్రమే అడిగి ఉంటే, మా పథకం గొప్ప విజయమని వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొని ఉండేవారము. నక్షత్రాలు ఉన్న మూడు వారాలలో లెక్క పెరిగింది గదా! బహుమతిని ఉంచినంతకాలం లెక్క పెరుగుతుంది. తీసివేసిన తరువాతనే అసలు సంగతి బయటపడుతుంది.

ఈ తేడా తెలియకపోతే మన రాష్ట్రంలోనే జరిగిన ఒక పెద్ద అధ్యయనాన్ని కూడా తప్పుగా అర్థం చేసుకొనే ప్రమాదం ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో ఉపాధ్యాయుల ప్రోత్సాహకాల ప్రభావాన్ని పరీక్షించారు. ఎన్నుకొన్న అయిదు జిల్లాలలో మన పొరుగున ఉన్న కడప, నెల్లూరు కూడా ఉన్నవి. విద్యార్థుల సగటు మార్కులు ఏడాదిలో అయిదు శాతాన్ని మించి పెరిగితే, ఆపైన పెరిగిన ప్రతి ఒక్క శాతానికి అయిదు వందల రూపాయల చొప్పున ఉపాధ్యాయునికి అదనపు మొత్తం ఇచ్చారు. పది శాతం పెరిగితే రెండువేల అయిదు వందలు. నూరు పాఠశాలలలో ఎవరి ఫలితానికి వారికి, మరొక నూరింటిలో పాఠశాల మొత్తం ఫలితానికి అందరికీ సమానంగా. పోల్చి చూడడానికి ఏ ప్రోత్సాహకమూ లేని నూరు పాఠశాలలు వేరుగా ఉంచారు. రెండేండ్ల తరువాత ప్రోత్సాహకం ఉన్న పాఠశాలల పిల్లలు గణితంలోను, భాషలోను స్పష్టంగా ముందున్నారు. నూరుమందిలో నడుమ నిలిచే పిల్లవాడు గణితంలో సుమారు పది స్థానాలు పైకి ఎక్కినంత తేడా. ప్రోత్సాహకంతో ఏ సంబంధమూ లేని విజ్ఞాన, సాంఘిక శాస్త్రాలలో కూడా ఆ పిల్లలే మెరుగుగా ఉన్నారు. ఉపాధ్యాయుల గైరుహాజరీ మాత్రం తగ్గలేదు. వచ్చిన రోజులలోనే ఎక్కువగా ఇంటిపని ఇవ్వడం, బడివేళలు దాటి అదనపు తరగతులు నడపడం, అభ్యాస పరీక్షలు పెట్టడం జరిగింది.

బాహ్య ప్రేరణకు ఇంతకంటె బలమైన సాక్ష్యం మన ప్రాంతంలో దొరకదు. దీనిని కాదనడానికి వీలులేదు. అయితే ఇక్కడ కొలిచింది పిల్లల నేర్పును. ప్రోత్సాహకం అందింది పిల్లలకు కాదు, ఉపాధ్యాయులకు. ఆ పిల్లలు తీరిక వేళలో పుస్తకం పట్టారా అని ఈ అధ్యయనం అడగలేదు. స్టాన్‌ఫర్డ్ ప్రయోగం అడిగింది అదే. కాబట్టి రెండూ ఒకదానికొకటి విరోధం కావు. రెండు వేర్వేరు ప్రశ్నలకు రెండు జవాబులు. మా మొదటి అసైన్‌మెంటులో ఎడమ, కుడి వరుసలు వ్రాసినప్పుడు ఈ సంగతి మాకు తట్టలేదు.

ఆ రెండు వరుసల నడుమ గీసిన గీత కూడా అంత గట్టిది కాదని తరువాత తెలిసింది. డెసీ, రయన్‌లు 1985లో ప్రకటించిన స్వయం నిర్ణయ సిద్ధాంతం ప్రకారం బాహ్య ప్రేరణ అంతా ఒక రకం కాదు, అందులో మెట్లున్నవి. దండన భయంతోనో, బహుమతి ఆశతోనో చేయడం మొదటి మెట్టు. చేయకపోతే సిగ్గుపోతుందని చేయడం రెండవది. దీనివల్ల నాకు ప్రయోజనమున్నదని గుర్తించి చేయడం మూడవది. ఆ పనిని తన జీవన విధానంలో భాగంగా చేసుకోవడం నాలుగవది. మూడు, నాలుగు మెట్ల మీద ఉన్నవాడు పని మీది ముచ్చటతో చేయకపోయినా, తన ఇచ్ఛతోనే చేస్తున్నాడు. పిల్లవాడు ఈ మెట్లు ఎక్కడానికి మూడు విషయాలు కావాలని వారు చెప్పారు: ఎన్నుకొనే స్వేచ్ఛ కొంత, నాకు చేతనవుతున్నదన్న నమ్మకం, నేర్పేవారితో ఆత్మీయత.

మా తరగతిలో ఒక పిల్లవాడు ఈ మెట్లెక్కడం కండ్లారా చూశాము. వాని ఇంటిలో చెరకు గానుగ ఉన్నది. రసం కాగుతుంటే పాకం ఎప్పుడు దించాలో చుక్క నీళ్ళలో వేసి చూసి చెప్పగలడు. అది నేర్వడానికి వానికెవరూ నక్షత్రం ఇవ్వలేదు. కాని ఎక్కాలంటే మొహం తిప్పుకొనేవాడు. మొదట నక్షత్రం కోసమే పదమూడవ ఎక్కం బట్టీపట్టాడు. నక్షత్రాలు ఆగిన తరువాత ఒకనాడు తానే వచ్చి, “పదహైదోది గూడా అప్పజెప్తా సార్, మా నాయన బెల్లం ముద్దల లెక్క నన్నే ఏయమన్నాడు” అన్నాడు. మొదటి మెట్టు మీద ఉన్నవాడు మూడవ మెట్టుకు వచ్చాడు. అక్కడికి వానిని తెచ్చింది మా నక్షత్రం ఒక్కటే కాదు. నక్షత్రం వల్ల ఎక్కం నోటికి వచ్చింది. నోటికి వచ్చింది కాబట్టి తండ్రి లెక్క అప్పగించాడు. లెక్క సరిపోయింది కాబట్టి ఇంకొకటి కావాలనిపించింది. బాహ్య ప్రేరణ తలుపు తీసి పక్కకు తప్పుకొన్న సందర్భం ఇది.

బహుమతులు లేకుండా పాఠశాల నడవదా అన్న ప్రశ్నకు సమాధానం వెదుక్కొంటూ దూరం పోవలసిన పనిలేదు. 2022 వరకు మన చిత్తూరు జిల్లాలోనే ఉన్న మదనపల్లె దగ్గర ఋషివ్యాలీ ఉన్నది. బహుమతిని, దండనను, ఒక పిల్లవానిని మరొకనితో పోల్చడాన్ని ససేమిరా ఒప్పుకొనని జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల మీద నడిచే విద్యాసంస్థ అది. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెలలో ఏకోపాధ్యాయ పాఠశాలలను నడిపింది. వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ రూపొందించిన పద్ధతి మాకు చాలా నేర్పింది. పాఠ్యాంశాన్నంతా చిన్న చిన్న మైలురాళ్ళుగా విభజించి, వాటిని ఒక నిచ్చెన పటంగా గోడమీద ఉంచుతారు. ప్రతి మైలురాయిలోను పరిచయం, అభ్యాసం, మూల్యాంకనం, వెనుకబడితే దిద్దుబాటు, ముందుకుపోతే అదనపు పని అన్న క్రమంలో కార్డులుంటాయి. కార్డు మీది గుర్తును చూసి పిల్లవాడు నిచ్చెన మీద తన స్థానం ఎక్కడో తానే కనుగొని, తరువాతి కార్డును తానే తెచ్చుకొంటాడు. కొన్ని పనులు ఉపాధ్యాయుని సహాయంతో, కొన్ని తోటివారితో, కొన్ని ఒంటరిగా. ఎవరి వేగం వారిది.

ఇందులో బహుమతి లేదు, అట్లని ప్రేరణను గాలికి వదలివేయనూలేదు. నిన్న ఏ మెట్టు మీద ఉన్నాను, ఈనాడు ఏ మెట్టు మీద ఉన్నాను అన్నది పిల్లవానికి కనబడుతున్నది. అది నాకు చేతనవుతున్నదన్న నమ్మకం. కార్డు తానే తెచ్చుకోవడం స్వేచ్ఛ. తోటివారితో కలిసి చేయడం ఆత్మీయత. మా గోడమీది పట్టికకు, వారి గోడమీది నిచ్చెనకు తేడా ఏమిటో అప్పుడు బోధపడింది. మా పట్టిక ఎవరికెన్ని నక్షత్రాలో చెప్పేది; వారి నిచ్చెన తరువాత ఏమి నేర్వాలో చెబుతుంది. ఈ పద్ధతిని తమిళనాడు కూడా తీసుకొని 2003 ప్రాంతంలో చెన్నై నగర పాఠశాలలలోను, పిదప రాష్ట్రమంతటను ప్రవేశపెట్టింది.

మిగిలిన నాలుగు శనివారాలలో మా పొరపాటును దిద్దుకొనడానికి ప్రయత్నించాము. గోడమీది పట్టిక తీసివేశాము. అయిదు వాక్యాలు వ్రాయమనడం మానివేశాము. మేము కూడా పెట్టెలో నుండి ఒక్కొక్క పుస్తకం తీసుకొని పిల్లల నడుమ నేలమీద కూర్చొని చదువుకొన్నాము. పీరియడు మొదటి పది నిమిషాలు ఒక కథను బిగ్గరగా చదివి, రసపట్టులో ఆపి పుస్తకాన్ని పెట్టెమీద పెట్టివేసేవారము. ఎవరైనా తాము చదివింది చెబుతామని వస్తే విన్నాము, రమ్మని పిలువలేదు. గణితంలో మాత్రం నక్షత్రాలకు బదులు ఎక్కాల నిచ్చెన ఒకటి గీసి, ఎవరి నోటుబుక్కులో వారే గుర్తు పెట్టుకొనేటట్లు చేశాము.

మెప్పుదల విషయంలో కూడా మేము మారవలసివచ్చింది. మా ఇద్దరిలో ఒకరికి “షాబాష్” అన్న మాట ఊతపదం. మాట కూడా బహుమతియే గదా, అది చెరుపు చేయదా అని సందేహించాము. 1999 నాటి పరిశీలనలో మాటల మెప్పుదల కళాశాల విద్యార్థుల ఇష్టాన్ని పెంచిందని, చిన్నపిల్లలలో అట్టి పెరుగుదల తేలలేదని ఉన్నది. మాటలో పనిని గూర్చిన సమాచారం ఉంటే మేలు, అదుపు ఉంటే కీడు. “షాబాష్, ఇట్లనే చదివితే నువ్వు మంచి పిల్లవాడివి” అన్నది అదుపు. “షాబాష్, నక్క ఎందుకు అబద్ధమాడిందో నువ్వు పట్టుకొన్నావు” అన్నది సమాచారం. మాట ఒకటే అయినా మొదటిదానిలో మా ఇష్టం కనబడుతున్నది, రెండవదానిలో వాని పని కనబడుతున్నది.

పుస్తకం పట్టినవారు పన్నెండు, పదిహేను, పదిహేడు, పద్దెనిమిది. మేము తిరిగివచ్చేనాటికి మొదటి ఇరవైకి ఇంకా ఇద్దరు తక్కువ. పంచతంత్రం పెట్టె అడుగు నుండి పైకి వచ్చింది. వేపరెబ్బ కొత్తది. అయితే ఇదంతా మా దిద్దుబాటు వల్లనే అని చెప్పుకొనే హక్కు మాకు లేదు. నక్షత్రాలు లేని మరొక తరగతిని పక్కన పెట్టుకొని పోల్చలేదు. పరీక్షలు దగ్గరపడడం, మామిడి కాపు మొదలుకావడం, మేమంటే కొత్త తీరిపోవడం, ఇవన్నీ కూడా లెక్కను మార్చి ఉండవచ్చు. ముప్పది నలుగురు పిల్లల లెక్కతో సిద్ధాంతం నిలవదు, కూలదు. స్టాన్‌ఫర్డ్‌లో మూడు సమూహాలు ఎందుకు పెట్టారో, కడప, నెల్లూరు జిల్లాలలో ఏమీ ఇవ్వని పాఠశాలలను ఎందుకు ఉంచారో మా లోపం చూసుకొన్నాకనే పూర్తిగా అర్థమైంది.

అధ్యాపకులు అడిగిన “ఆ పాలు ఎంత?” అన్న ప్రశ్నకు మా రెండవ సమాధానం ఇది. బహుమతి ప్రకటించే ముందు ఉపాధ్యాయుడు ఒక తీరిక వేళలో చేతులు కట్టుకొని కూర్చొని, ఎవరూ చెప్పకుండానే పిల్లలు ఏమి చేస్తున్నారో లెక్కపెట్టుకోవాలి. వారు ఇష్టంతో చేస్తున్న పని జోలికి బేరంతో పోరాదు. ఇష్టం లేని పనికి, అలవాటయితే తానే ఫలితమిచ్చే పనికి, చిన్న బహుమతిని కొద్దికాలం వాడవచ్చు. అది పిల్లవానికి పని చేతనయ్యేంతవరకే. బహుమతి ఆపిన తరువాత మళ్ళీ అదే తీరిక వేళలో అదే లెక్క తీయాలి. మొదటి లెక్కకంటె రెండవది తగ్గితే, పాలు ఎక్కువైనదని తెలిసినట్లే.

ఈసారి వ్యాసంలో రెండు వరుసల పట్టిక లేదు. పదమూడు శనివారాల లెక్క మాత్రం ఉన్నది. మార్కులు మొదటిసారి కంటె నాలుగు తక్కువ వచ్చినవి. ప్రశ్నలో అడిగిన ప్రకారం పోలికలు వరుసగా వ్రాయలేదని కారణం చూపారు. ఆ కాగితం తీసుకొని బయటికి వచ్చాక, మార్కులను గూర్చి కాక, కొత్తగా ఆ తరగతికి పోయే ఛాత్రోపాధ్యాయులు గోడమీద ఏమి అంటిస్తారోనని మేము మాట్లాడుకొన్నాము. వారికోసమే ఈ నాలుగు మాటలు.